ఆది జాకెట్టు అడిగిన ఆషాఢం

మిషను పక్కన నాకో రేకు పెట్టె ఉండేది. అందులో నాచేత జాకెట్లు కుట్టించుకునే వాళ్ళ ఆది జాకెట్లు ఉండేవి. ఒంటికి బాగా అమరిన పాత జాకెట్టు ఒకటి కొలతకోసం ఇస్తారు కదా, అవి. మామూలుగా కొత్తవాటితో పాటు ఆదీ తిరిగి ఇచ్చేయాలి. కానీ నా దగ్గర వాడుక అయిన వాళ్ళు "అక్కడే ఉంచెయ్యమ్మా, మళ్ళీ మళ్ళీ ఎవరు మోసుకొస్తారు" అని వదిలేసేవారు. అలా వదిలేసిన ఆది ఉందంటే ఆ మనిషి మనదే. అడిగి తీసుకుంటే ఇంక రాదని అర్థం. ఆ మాట పైకి ఎవరూ అనరు, మనమూ అడగం.

ఆ పెట్టెలో అన్నిటికంటే అడుగున ఒక వెలిసిపోయిన కుంకుమరంగు నూలు జాకెట్టు ఉండేది. పంజగుట్టలో ఉండి అక్కడే ఒక బడిలో పనిచేసే టీచర్ గారిది. నా మొదటి ఆది అదే.

ఎనభైల్లో మేము కృష్ణా జిల్లా నుంచి వచ్చి అమీర్‌పేటలో ఒక పోర్షనులో దిగాం. మావారికి ఒక ప్రైవేటు కంపెనీలో గుమాస్తా పని. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. అక్షరాలు నాన్నగారు ఇంట్లోనే బియ్యంలో రాయించి నేర్పారు. కత్తిరింపు మా పిన్ని పాత పేపర్ల మీద నేర్పింది. "గుడ్డ ఖరీదైంది, పేపరు తప్పు చేసినా ఏమీ అనదు" అనేది. ఈ రెంటితోనే నా బతుకంతా గడిచింది. ఇద్దరికీ ఈనాటికీ పొద్దున్న దీపం పెట్టేటప్పుడు మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

టీచర్ గారు అప్పట్లో మేము అద్దెకున్న ఇంటివాళ్ళకు తెలిసినావిడ. ఒకరోజు పేరంటానికి వచ్చి, నా జాకెట్టు భుజం దగ్గర కూర్చున్న తీరు చూసి, "ఎవరు కుట్టారమ్మా?" అన్నారు. నేనే అంటే నమ్మలేదు. వారం తిరక్కుండా ఆ కుంకుమరంగు జాకెట్టూ ఒక గుడ్డా తెచ్చారు. కుట్టి ఇచ్చాక ఎంత అని అడిగితే మీ ఇష్టమండీ అన్నాను.

"నా ఇష్టమేంటి, పని నీది. షాపులో ఎనిమిది తీసుకుంటున్నారు. నువ్వు ఇంట్లో కూర్చుని కుడుతున్నావు, ఆరు తీసుకో. ఎవరొచ్చినా ఆరే చెప్పు" అని తేల్చేశారు.

నా రేటు ఆవిడ పెట్టిందే. తర్వాత వాళ్ళ స్టాఫ్ రూములోంచి ఒక్కొక్కరే వచ్చారు. వాళ్ళ వదినలు, ఆడపడుచులు, పక్కింటివాళ్ళు వచ్చారు. అందరికీ ఆవిడ చెప్పి పంపిన మాట ఒక్కటే: "ఆరు రూపాయలు, పని బంగారం." పెట్టె నిండింది. ఆవిడ పెట్టిన భిక్ష అనుకునేదాన్ని. ఇప్పుడూ అలాగే అనుకుంటాను.

పని పెరిగాక చేతిపనికి మనిషి కావలసి వచ్చింది. మిషను కుట్టు అయ్యాక అంచులు మడిచి హెమ్మింగు చెయ్యాలి, హుక్కులు కుట్టాలి, కాజాలు తియ్యాలి. అందుకు యూసుఫ్‌గూడ వైపు నుంచి ఆపా వచ్చేది. ఆపా అంటే అక్క అని, నాకంటే పదేళ్ళు పెద్దది. మధ్యాహ్నం నమాజు చేసుకుని వచ్చి, వరండా మెట్టు మీద కళ్ళజోడు పెట్టుకుని కూర్చునేది. ఆవిడ హెమ్మింగు పైకి ఒక్క పోగు కూడా కనిపించేది కాదు. జాకెట్టుకి రూపాయి ఇచ్చేదాన్ని.

నాలుగేళ్ళు ఆ ఆరూ ఆ రూపాయీ కదల్లేదు. దారం పెరిగింది, హుక్కుల డబ్బా పెరిగింది, షాపులో కుట్టుకూలి పది అయింది. నేను ఏ పండక్కో పెంచుదామనుకుంటూ ఊరుకునేదాన్ని.

ఒక ఎండాకాలం సాయంత్రం ఆపా సూదిలో దారం ఎక్కిస్తూ మాటల్లో అంది: "చెల్లె, చౌరస్తా కాడి లేడీస్ టైలర్ నన్ను పిలిచిండు. పీసుకు రూపాయిన్నర ఇస్తడంట. రానని చెప్పిన."

"ఎందుకు ఆపా?"

"ఎందుకంటే? ఆడ మగోళ్ళ మధ్యల కూసోవాలె. ఈడ నీ ఇంట్ల కూసుంట, నీ చాయ్ తాగుత." దారం ముడేసి, "మా ఇంటి మాలిక్ కిరాయి మాత్రం పెంచిండు. జర ఫికర్ గానే ఉంది" అంది. అడగలేదు. అడగకపోవడమే నాకు ఎక్కువ కష్టమనిపించింది. ఆవిడ ఇవాళ వద్దన్నా ఇంకో నెలకో రెండు నెలలకో అవసరం లాక్కుపోతుంది. ఆపా పోతే నేను ఒక్కదాన్నే వారానికి అన్ని జాకెట్లు ఇవ్వలేను. ఆవిడకి ఇవ్వాలంటే నేను పెంచాలి. నేను పెంచితే పెట్టె ఖాళీ అవుతుందేమో.

మావారు భోజనం దగ్గర ఉపాయాలు చెప్పారు. "దీనికి ఇంత ఆలోచనేంటి? రేటు ముట్టుకోకు. హుక్కులకీ దారానికీ వేరే వేసెయ్."

"జాకెట్టు చేతికిచ్చేటప్పుడు హుక్కులకి వేరే అంటే, మోసం చేశాననుకోరూ?"

"పోనీ కొత్తగా వచ్చేవాళ్ళకి ఎనిమిది, పాతవాళ్ళకి ఆరు."

"నాకు కొత్తవాళ్ళు ఎక్కడినుంచి వస్తారండీ? పాతవాళ్ళు తీసుకొస్తేనే కదా. ఇద్దరూ ఒకే బస్సులో పక్కపక్కన కూర్చుని ఎంతిచ్చావంటే ఎంతిచ్చావనుకుంటారు."

"అయితే నీ దేవుణ్ణే అడుగు" అని నవ్వి చెయ్యి కడుక్కున్నారు.

అడిగాను కూడా. దేవుడు నోటితో చెప్పడు కానీ, దీపం ముందు కూర్చుంటే మనసు కొంచెం నిదానిస్తుంది. అప్పుడు తోచింది, ఆషాఢంలో చెప్పాలని. మాకు ఆషాఢం చేతులు ఖాళీగా ఉండే నెల. పెళ్ళిళ్ళుండవు, కొత్తబట్టలు ఎవరూ తియ్యరు. శ్రావణం రాగానే వరలక్ష్మీ వ్రతాలు, మంగళవారాలు, పేరంటాలు, అందరివీ ఒక్కసారే మీద పడతాయి. ఆ తొందరలో రేటు పెంచితే అవసరం చూసి మెడ పట్టుకున్నట్టుంటుంది. ముందే చెప్పేస్తే, ఆషాఢంలో గుడ్డ ఇచ్చినవాళ్ళకి ఆరే. శ్రావణం పాడ్యమి నుంచి ఇచ్చినవాటికి ఎనిమిది. ముందు ఇవ్వగలిగినవాళ్ళు ముందే ఇస్తారు. మాకూ ఖాళీ నెలలో పని దొరుకుతుంది. నేను కుట్టిన జాకెట్టుని తర్వాత వదులు చెయ్యడం, బిగువు చెయ్యడం ఎప్పటిలాగే ఊరికే చేస్తాను. అందరికీ ఒకటే మాట, ఒకటే రేటు.

ఆషాఢం రాగానే ఆపాకి ఇదంతా చెప్పి, శ్రావణం నుంచి జాకెట్టుకి రూపాయిన్నర ఇస్తానన్నాను. "ముందు టీచర్ గారికి చెప్పాలి ఆపా. రేటు ఆవిడ పెట్టింది. శుక్రవారం పూజ అయ్యాక పంజగుట్ట వెళ్ళి చెప్పి వస్తాను. ఆ తర్వాతే మిగతావాళ్ళకి."

"సరే, సరే. మంచి మాట" అంది ఆపా. అప్పుడే ముఖం వెలిగిపోయింది.

గురువారం నేను బియ్యం ఏరుతూ లోపల ఉన్నాను. టీచర్ గారి బడిలోనే పనిచేసే ఇంకో టీచరమ్మ, ఎస్.ఆర్. నగర్‌లో ఉండే ఆవిడ, బడి మధ్యాహ్నం విరామంలో జాకెట్టు తీసుకోవడానికి వచ్చింది. వరండాలో ఆపా మాట వినిపించింది.

"ఇగో అమ్మా, నీది. ఇంకా గుడ్డలుంటే ఈ నెలల్నే తెచ్చెయ్. శ్రావణం కెల్లి ఎనిమిదైతుంది."

నా చేతిలో చేట ఆగిపోయింది. బయటికి వచ్చేసరికి ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏందక్కా, రెండు రూపాయలు ఒక్కసారేనా? బస్సు చార్జీలు సుత గిట్ల పెరగలె!"

"నాలుగేళ్ళయిందండీ, ఒక్క పైసా పెంచలేదు..." అని నేను మొదలుపెట్టాను.

"గట్లైతే నాలుగేండ్లది ఒక్కసారే వసూలు చేస్తున్నవా?" అంది. నవ్వుతూనే అంది. జాకెట్టు విప్పి వెలుతురులో హెమ్మింగు చూసింది, మడిచి సంచిలో పెట్టుకుంది, ఆరు రూపాయలిచ్చింది. "మీ టీచరమ్మ ఒప్పుకున్నదా దీనికి?" అని అడిగి, నేను చెప్పేలోపు బడికి తిరిగి వెళ్ళే బస్సు వస్తుందని వెళ్ళిపోయింది.

ఆపా సూది పక్కన పెట్టేసింది. "చెల్లె, ముందు టీచరమ్మకని చెప్పినవు కదా! నా నోటికి తాళం లేకపాయె."

"పోనివ్వండి ఆపా. రేపు పొద్దున్నే వెళ్తాను" అన్నాను.

కానీ శుక్రవారం పొద్దున్న తులసి దగ్గర నీళ్ళు పోస్తుంటేనే టీచర్ గారి పనిమనిషి గేటు తీసుకుని వచ్చింది. "అమ్మగారు ఆది జాకెట్టు ఇయ్యమన్నరు" అంది. ఇంకేమీ చెప్పలేదు, ఆమెకు ఇంకేమీ తెలియదు.

"సాయంత్రం నేనే తీసుకొస్తానని చెప్పమ్మా" అని పంపేశాను.

ఆవిడ ఒక్కరే వెళ్ళిపోవడం కాదు. ఆవిడ ఆది తీసుకుపోయిందని స్టాఫ్ రూములో తెలిస్తే పెట్టెలో సగం జాకెట్లు ఆ వారంలోనే వెళ్ళిపోతాయి. అంతకంటే, ఆవిడకి నా మీద కోపం వచ్చిందన్నది నన్ను ఎక్కువ నొప్పించింది. మావారు ఆఫీసుకి చెప్పులేసుకుంటూ, "వెళ్ళి, మీకు మాత్రం ఆరేనండీ అని చెవిలో చెప్పెయ్. ఎవరికీ తెలీదు" అన్నారు. ఆయనది దయగల మనసు, నా ముఖం చూడలేక అన్నారు. నాకూ ఆ మాట తీయగానే వినిపించింది.

పెట్టె అడుగునుంచి కుంకుమరంగు జాకెట్టు తీశాను. ఒళ్ళో పరిచి చూస్తే అప్పుడు గుర్తొచ్చింది, ఆ ఆది ప్రకారం నేను కుట్టి చాలా కాలమైందని. నాలుగేళ్ళలో టీచర్ గారు కొంచెం ఒళ్ళు చేశారు. ఒకసారి చెయ్యి పట్టేసిందంటే చేతి లూజు ఒక వేలు పెంచాను. ఇంకోసారి చంక దగ్గర వదిలాను. బోర్డు మీద రాసే చెయ్యి కదా, కుడి భుజం దగ్గర కొంచెం ఎక్కువ జాగా కావాలి. ఇవేవీ ఆ జాకెట్టులో లేవు. కత్తెర పట్టుకున్నప్పుడు నా చేతికి గుర్తుండేవి, అంతే. ఆవిడ ఈ ఆది తీసుకెళ్ళి ఇంకొకరికి ఇస్తే వాళ్ళు దీని ప్రకారమే కోస్తారు, వాళ్ళ తప్పేమీ ఉండదు. శ్రావణ శుక్రవారం నాడు కొత్త పట్టుచీర మీద జాకెట్టు చేతులు ఎక్కక ఆ తల్లి అవస్థ పడుతుంది.

అది తలుచుకున్నాక ఇంక కూర్చోలేకపోయాను. నా దగ్గరున్న తెల్ల పాప్లిన్ ముక్క తీసి, ఇప్పటి కొలతకి సరిగ్గా ఒక జాకెట్టు కోశాను. ఆపా వచ్చి చూసింది. "ఇదెవరికి?"

"టీచర్ గారికి. కొత్త ఆది."

"పోయేటామెకు ఆది కుట్టిస్తున్నవా? మస్తుంది నీ యాపారం!" అంది. అంటూనే కళ్ళజోడు పెట్టుకుని, నేను మిషను మీదనుంచి తియ్యగానే లాక్కుని హుక్కులు కుట్టడం మొదలుపెట్టింది. కుడుతూ కుడుతూ తలెత్తకుండా, "నాకు ఆ అర్ధరూపాయి వద్దు చెల్లె. నువ్వు ఆరుకే కుట్టు. నా ఫికర్ పెట్టుకోకు" అంది.

"మీకు రూపాయిన్నర ఈ జాకెట్టు నుంచే ఆపా. అది టీచర్ గారితో సంబంధం లేని మాట" అన్నాను. అంత గట్టిగా నేను ఎవరితోనూ మాట్లాడి ఎరగను.

సాయంత్రం రెండు జాకెట్లూ సంచిలో పెట్టుకుని పంజగుట్టకి నడిచే వెళ్ళాను. దారిపొడుగునా మావారు చెప్పిన మాట నాలుక మీదే ఉంది.

టీచర్ గారు నోటుపుస్తకాలు దిద్దుకుంటున్నారు. కూర్చోమన్నారు. ఎర్ర పెన్ను మూత పెట్టి, తిన్నగా అడిగేశారు.

"ఏమ్మా, నా పేరు చెప్పుకుని నీ దగ్గరికి ఎంతమంది వచ్చారు? ఆరు రూపాయలని నేను చెప్పి పంపాను. నిన్న స్టాఫ్ రూములో ఆవిడ అందరి ముందూ, మీ టైలరు ఎనిమిదంటోంది, మీకు చెప్పే చేసిందా అంటే నేనేం చెప్పను?"

"మీకు చెప్పాకే ఇంకెవరికైనా చెప్దామనుకున్నానండీ. ఇవాళ పూజ అయ్యాక రావాలనుకున్నాను. ముందే మాట బయటికొచ్చింది. మీరు బస్సులోనో స్టాఫ్ రూములోనో వినవలసిన మాట కాదు, తప్పయింది."

ఎవరు చెప్పారని ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఎందుకు పెంచానో చెప్పాను. దారం, హుక్కులు, ఆపా చేతిపని, ఆపాకి వచ్చిన కబురు. ఆషాఢంలో ఇచ్చినవాటికి పాత రేటేనని చెప్పాను. మాటలు అటూ ఇటూ పోయాయి కానీ చెప్పాను.

ఆవిడ అంతా విన్నారు. తర్వాత, "సరే. మరి నాకు కూడా ఎనిమిదేనా?" అన్నారు.

నాలుక మీద ఉన్న మాట అక్కడే ఉంది. మనసులో అమ్మవారిని తలుచుకున్నాను.

"మీకూ అంతేనండీ. మీకొక రేటూ ఆవిడకొక రేటూ అయితే, రేపు ఆవిడ మిమ్మల్ని ఎంతిచ్చారని అడిగితే మీరు అబద్ధమాడాలి. నా మూలంగా మీకు అది రాకూడదు."

ఆవిడ లోపలికి వెళ్ళి కాఫీ తెచ్చారు. నేను తాగి, సంచిలోంచి రెండు జాకెట్లూ తీసి బల్లమీద పెట్టాను.

"ఇదేంటి, రెండున్నాయి?"

"పాతది ఇప్పుడు మీకు సరైన ఆది కాదండీ. ఎవరి చేత కుట్టించుకున్నా ఈ తెల్లదే ఇవ్వండి. చేతులూ కుడి భుజమూ సరిగ్గా వస్తాయి."

"దీనికి ఎంత?"

"ఆదికి కూలేంటండీ?"

ఆవిడ తెల్లజాకెట్టు తిరగేసి లోపలి కుట్లు చూశారు. హెమ్మింగు మీద వేలు పెట్టి అలా కొనదాకా రాసుకుంటూ వెళ్ళారు. "సరేనమ్మా, చీకటి పడకుండా వెళ్ళు" అన్నారు. అంతే.

ఇంటికొచ్చేసరికి ఆపా వెళ్ళిపోకుండా మెట్టు మీదే కూర్చుని ఉంది. "ఏమన్నరు?"

"కాఫీ ఇచ్చారు."

"కాఫీ ఇచ్చి?"

"ఇంటికి వెళ్ళమన్నారు."

"గిదేం జవాబు! అవునంటే అవునని, కాదంటే కాదని చెప్పాలె గాని, కాఫీ ఇస్తరా?" అని విసుక్కుంటూ చెప్పులేసుకుంది.

ఆ నెల నేను ఎవరు గేటు తీసినా ఉలిక్కిపడేదాన్ని. వచ్చినవాళ్ళందరికీ ఒకే మాట చెప్పాను. మొదట్లో తల వంచుకుని చెప్పేదాన్ని, పోనుపోను తలెత్తి చెప్పడం అలవాటైంది. కొందరు "అయ్యో, ఇన్నాళ్ళూ ఆరేనా" అన్నారు. ఒకావిడ ఏడుకి బేరమాడి, కుదరక, మూతి ముడుచుకుని, మర్నాడు అయిదు గుడ్డలతో వచ్చింది, ఆషాఢం దాటకుండా. వెంగళరావునగర్ నుంచి వచ్చే ఒకావిడ మాత్రం ఆది అడిగి తీసుకుంది, మళ్ళీ రాలేదు. ఆవిడ పిల్లలు గుర్తొచ్చినప్పుడల్లా ఎలా ఉన్నారో అనుకునేదాన్ని. ఎస్.ఆర్. నగర్ టీచరమ్మ తన ఆది అడగనూ లేదు, గుడ్డ తేనూ లేదు. ఎవరో ఏదో చేస్తే చూసి చేద్దామని ఆగినట్టు ఉండేది.

ఆషాఢ బహుళ అమావాస్య నాడు వాన పడుతోంది. దీపం పెట్టి లేస్తుంటే గేటు చప్పుడైంది. టీచర్ గారు, ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో పెద్ద బట్టలసంచి. వెనకాలే ఎస్.ఆర్. నగర్ టీచరమ్మ, తడిసిపోయి, ఆవిడ చేతిలోనూ ఒక సంచి.

"ఇవాళ ఆషాఢమేనా, శ్రావణం వచ్చేసిందా?" అన్నారు టీచర్ గారు, వరండాలో గొడుగు దులుపుతూ.

"రేపటి నుంచండీ శ్రావణం."

"అయితే ఇవి ఆరు చొప్పునే" అని సంచి మిషను బల్లమీద బోర్లించారు. తనవి, కూతురివి, వియ్యపురాలివి, ఒకటి మీద ఒకటి. పట్టుముక్కలు, వాయిల్, రుబియా. ఏడాదికి సరిపడా ఉన్నాయి.

ఆపా మెట్టు మీదనుంచి చూసి, "అల్లా! ఇన్ని హుక్కులు ఎప్పుడు కుట్టాలె?" అంది.

"రూపాయిన్నర వస్తోంది కదమ్మా, కుట్టు" అన్నారు టీచర్ గారు. ఆపా నోరు మూసుకుని నవ్వింది.

వెనకావిడ కూడా తన సంచి విప్పింది. "నేను తెద్దామంటే, ఆగు, చివరి రోజు పోదామన్నది మీ టీచరమ్మ. వానల తెచ్చింది నన్ను!"

నేను గుడ్డలన్నీ వేరుచేసి ఒక్కొక్కటీ చూసుకున్నాను. వెళ్ళేటప్పుడు టీచర్ గారు గొడుగు తెరిచి, ఏదో మర్చిపోయినట్టు ఆగి, చేతిసంచిలోంచి తెల్ల పాప్లిన్ జాకెట్టు తీశారు. ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టి ఉంది.

"దీన్ని నీ పెట్టెలో పెట్టుకో. నేను ఎక్కడ దాచి ఎక్కడ వెతుక్కుంటాను?" అన్నారు.

రెండు చేతులతో అందుకున్నాను. వాళ్ళిద్దరూ ఒక గొడుగు కింద సర్దుకుంటూ బస్సు స్టాపు వైపు వెళ్ళారు. నేను రేకు పెట్టె తెరిచి ఆ జాకెట్టు కుంకుమరంగుది ఉండే చోటే, అన్నిటికంటే అడుగున పెట్టాను.